అంకె పెరగాలా, తగ్గాలా?

3,750 గ్రాములు ఎన్ని కిలోలు? బడి పుస్తకాల్లో ఇలాంటి ప్రశ్న తప్పకుండా ఉంటుంది. కిలోకు వెయ్యి గ్రాములని పిల్లవాడికి తెలుసు. వెయ్యితో ఏదో చెయ్యాలనీ తెలుసు. పెన్సిలు ఆగిపోయేది మాత్రం ఒక్కచోటే: గుణించాలా, భాగించాలా? కొందరు రెండూ చేసి చూసి, కంటికి ఏది బాగుంటే అది రాసేస్తారు. అలా 37,50,000 కిలోలు అని రాసేవాళ్లూ ఉంటారు. లారీకి పది టన్నుల చొప్పున ఎత్తితే అది 375 లారీల సరుకు.

పెద్దవాళ్ల సంగతీ అంతే. అమెరికాలో ఉన్న కూతురికి పుట్టిన బిడ్డ ఏడు పౌండ్లుందని ఫోనులో చెబితే ఇక్కడి అమ్మమ్మ అడిగే మొదటి మాట "అంటే ఎన్ని కిలోలు?" పక్కనున్న తాతయ్య కాలిక్యులేటర్ తెరుస్తాడు. 2.2 అన్న అంకె ఆయన ఎక్కడో విన్నదే. ఏడును దానితో గుణిస్తే పదిహేను దాటుతుంది, భాగిస్తే మూడు చిల్లర వస్తుంది. పుట్టిన బిడ్డ పదిహేను కిలోలు ఉండదు గనుక ఆ ఇంట్లో తప్పు జరగదు. పసిబిడ్డ బరువు ఎంతుంటుందో అందరికీ తెలుసు కాబట్టి సరిపోయింది. ఎప్పుడూ చూడని వస్తువు, అలవాటు లేని కొలత ఎదురైనప్పుడు ఆ ఇంగితం పనిచెయ్యదు. అప్పుడు ఏదో ఒక పద్ధతి చేతిలో ఉండాలి.

ఆ పద్ధతి చిన్నదే. కాలిక్యులేటర్ ముట్టుకునే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇప్పుడున్న కొలత కన్నా వెళ్లాల్సిన కొలత చిన్నదా, పెద్దదా? చిన్నదైతే అవి ఎక్కువ పడతాయి, కాబట్టి అంకె పెరగాలి. పెద్దదైతే తక్కువే పడతాయి, కాబట్టి అంకె తగ్గాలి. అయిదు వందల నోటును పది రూపాయల నోట్లుగా మారిస్తే చేతికి యాభై కాగితాలు వస్తాయి. డబ్బు పెరగలేదు, కాగితాలే పెరిగాయి. అంకె ఎటు వెళ్లాలో తేలాక, దాన్ని అటు తీసుకెళ్లే పని ఏదైతే అదే చెయ్యాలి.

చాలామంది తలకిందులయ్యేది ఇక్కడే. "సెంటీమీటరు మీటరు కన్నా చిన్నది, అంటే చిన్నది చెయ్యాలి, అంటే భాగించాలి" అని మనసు తొందరపడుతుంది. చిన్నదయింది కొలబద్ద మీది గడి. గడి చిన్నదైతే గడుల లెక్క పెరగక తప్పదు. ఈ రెండూ ఎప్పుడూ ఎదురెదురుగా నడుస్తాయి.

దీనికి ఒక చిన్న అలవాటు జోడిస్తే తడబాటు దాదాపు పోతుంది. రెండు కొలతల సంబంధాన్ని రాసేటప్పుడు 'ఒకటి' అన్నది ఎప్పుడూ పెద్ద కొలత పక్కనే ఉండాలి. 1 కిలో = 1,000 గ్రాములు. 1 అంగుళం = 2.54 సెంటీమీటర్లు. 1 కిలో = 2.2 పౌండ్లు. ఇలా రాస్తే కుడివైపు అంకె ఎప్పుడూ ఒకటి కన్నా పెద్దదిగానే ఉంటుంది. అటువంటి అంకెతో గుణిస్తే పెరుగుతుంది, భాగిస్తే తగ్గుతుంది. ఇందులో అనుమానానికి చోటు లేదు. పట్టికల్లో ఉండే చిక్కేమిటంటే అవి రెండు వైపులా ఇస్తాయి. కిలోకు 2.2046 పౌండ్లని ఒక గడిలో, పౌండుకు 0.4536 కిలోలని ఇంకో గడిలో ఉంటుంది. రెండూ నిజమే. కానీ 0.4536తో గుణిస్తే అంకె తగ్గుతుంది, భాగిస్తే పెరుగుతుంది. 'గుణిస్తే పెరుగుతుంది' అని చిన్నప్పటి నుంచి నమ్మిన మనసుకు అది మింగుడు పడదు. రెండింటిలో పెద్ద అంకె ఉన్న గడిని ఉంచుకుని రెండోదాన్ని మరిచిపోవచ్చు.

ముందు మొదటి ప్రశ్ననే తేల్చేద్దాం. గ్రాముల నుంచి కిలోలకు వెళ్లాలి. కిలో పెద్దది, కాబట్టి అంకె తగ్గాలి. సంబంధం 1,000. తగ్గాలంటే భాగించాలి: 3.75 కిలోలు. మూడు కిలోల ముప్పావు. మెట్రిక్ కొలతలన్నీ పదులతో నడుస్తాయి గనుక ఇక్కడ చేసేదల్లా దశాంశ బిందువును జరపడమే. మన దేశంలో ఈ కొలతలు 1956 నాటి చట్టంతో వచ్చి, 1958 అక్టోబరు నుంచి విడతలుగా అమల్లోకి దిగాయి. అంతకు ముందు వీశెలు, సేర్లు, మణుగులు, సోలలు ఉండేవి. ఒక ఊరి కొలత పక్క ఊరి కొలతతో కలిసేది కాదు. పదుల లెక్క ఎంత సుఖమో ఆ తరానికే బాగా తెలిసి ఉండాలి.

అయినా పదుల లెక్కలోనూ ఒకచోట జారతారు. మిల్లీగ్రాముకూ మైక్రోగ్రాముకూ మధ్య వెయ్యి రెట్ల తేడా ఉంది. థైరాయిడ్ మాత్రల పెట్టె మీద 50 మైక్రోగ్రాములని ఉంటుంది. అదే మోతాదును ఒక డాక్టరు 0.05 మిల్లీగ్రాములని రాశారనుకుందాం. మైక్రోగ్రాము చిన్నది, అంకె పెరగాలి, వెయ్యితో గుణించాలి, 50 వస్తుంది. రెండూ ఒకటే మోతాదు. మైక్రోగ్రాముకు వాడే గ్రీకు గుర్తును చేతిరాతలో మిల్లీగ్రాము గుర్తుగా చదివితే మోతాదు వెయ్యి రెట్లవుతుంది. అందుకే మందుల చీటీల్లో ఆ గుర్తు వద్దని, బదులుగా mcg అని గానీ పూర్తి మాటగా గానీ రాయాలని ఆసుపత్రి భద్రతా నియమాలు చెబుతాయి.

ఇక పదులతో నడవని కొలతలు. పొడవులో మనకు రోజూ తగిలేవి అడుగులు, అంగుళాలు. 1959లో అమెరికా, బ్రిటన్, కెనడా సహా ఆరు దేశాలు కూడబలుక్కుని అంగుళాన్ని కచ్చితంగా 2.54 సెంటీమీటర్లుగా ఖాయం చేశాయి. పౌండు బరువునూ అదే ఒప్పందంలో స్థిరపరిచాయి. కాబట్టి 2.54 అన్నది ఉజ్జాయింపు అంకె కాదు, అసలు నిర్వచనమే అది.

ఆసుపత్రిలో ఎత్తు సెంటీమీటర్లలో అడుగుతారు. మనిషి ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. మొదట అంతా అంగుళాల్లోకి రావాలి: అడుగుకు 12, అంగుళం చిన్నది, అంకె పెరగాలి, 5 × 12 = 60, పైన 7, మొత్తం 67 అంగుళాలు. అక్కడి నుంచి సెంటీమీటర్లకు. సెంటీమీటరు ఇంకా చిన్నది, అంకె ఇంకా పెరగాలి: 67 × 2.54 = 170.18. అంటే 170 సెంటీమీటర్లు. ఈ దారిలో ఒక గుంట ఉంది. 5 అడుగుల 7 అంగుళాలను కాలిక్యులేటర్లో 5.7 అని కొట్టేవాళ్లు ఎక్కువ. 5.7 అడుగులంటే 5 అడుగుల 8 అంగుళాల పైచిలుకు, ఎందుకంటే అడుగులో పదోవంతు 1.2 అంగుళాలు. అలా చేస్తే ఎత్తు 174కు చేరుతుంది. పెరగాలా తగ్గాలా అన్న ప్రశ్న ఈ తప్పును పట్టుకోలేదు, దిశ సరిగ్గానే ఉంది కదా. పన్నెండుతో నడిచే కొలతకు దశాంశ బిందువు పెట్టడమే అసలు తప్పు.

బరువు దగ్గరికి వస్తే అమెరికా ప్రయాణాల పుణ్యమా అని పౌండ్లు తెలుగు ఇళ్లల్లోకి బాగానే వచ్చాయి. పెట్టెకు 23 కిలోలు, అంటే 50 పౌండ్లు అన్నది విమానం ఎక్కే ప్రతి కుటుంబానికీ కంఠతా వచ్చిన లెక్క. ఆవకాయ జాడీలు, అరిసెలు సర్దాక ఇంట్లో కాటా 22.4 కిలోలు చూపించింది. పౌండ్లలో ఎంత? పౌండు చిన్నది, అంకె పెరగాలి, 22.4 × 2.2 = 49.3. పెట్టె దాటిపోతుంది. తిరుగు ప్రయాణంలో అక్కడి కాటా 48 పౌండ్లంటే కిలోలు ఎన్ని? కిలో పెద్దది, అంకె తగ్గాలి, 48 ÷ 2.2, అంటే 21.8. అమ్మమ్మ లెక్కా ఇంతే. బిడ్డ బరువు 7 పౌండ్ల 4 ఔన్సులైతే, పౌండుకు 16 ఔన్సులు గనుక 4 ఔన్సులు పావు పౌండు; 7.25ను 2.2తో భాగిస్తే దగ్గర దగ్గర 3.3 కిలోలు.

బంగారం కొట్టులో లెక్క ఇంకాస్త సరదాగా ఉంటుంది. తెలంగాణలో తులాల్లో మాట్లాడతారు, కోస్తాలో కాసుల్లో. తులం పాత లెక్కలో 11.66 గ్రాములు. ఇప్పటి బజారు వాడుకలో పది గ్రాములకే తులం అంటున్నారు. కాసు ఎనిమిది గ్రాములు. వరంగల్ వియ్యంకులు మూడు తులాల గొలుసు అంటే గుంటూరు వియ్యంకులకు అది ఎన్ని కాసులు? తులానికీ కాసుకూ నేరుగా సంబంధం గుర్తు లేకపోయినా ఫరవాలేదు, రెండింటికీ తెలిసిన గ్రాము ఉంది. తులం నుంచి గ్రాముకు: చిన్నది, పెరగాలి, 3 × 10 = 30. గ్రాము నుంచి కాసుకు: పెద్దది, తగ్గాలి, 30 ÷ 8 = 3.75. మూడు ముప్పావు కాసులు. కాసు తులం కన్నా చిన్నది గనుక మూడు కన్నా ఎక్కువే రావాలి, వచ్చింది. మధ్యలో ఎన్ని మజిలీలున్నా ప్రతి అడుగుకూ ఒకసారి, చివర మొత్తానికి ఒకసారి ఈ ప్రశ్న వేసుకోవచ్చు. తులం పదా, పదకొండున్నర పైనా అన్నది మాత్రం లెక్క తేల్చదు. కొట్టువాణ్ణి అడిగి తెలుసుకోవాల్సిందే.

ఇప్పటిదాకా పొడవును పొడవుగా, బరువును బరువుగా మార్చాం. అసలు గట్టి పరీక్ష లీటర్ల నుంచి కిలోలకు వెళ్లేటప్పుడు ఎదురవుతుంది. లీటరు ఘనపరిమాణం, కిలో బరువు. ఈ రెండింటిలో ఏది పెద్దదన్న ప్రశ్నకు అర్థమే లేదు. ఏ వస్తువు లీటరు అన్నది తెలియాలి. నీళ్లయితే లీటరు కిలో తూగుతుంది. వంటనూనె లీటరు ప్యాకెట్ మీద చాలాసార్లు 910 గ్రాములని ఉంటుంది, ఎందుకంటే నూనె నీళ్ల కన్నా తేలిక. పాలు నీళ్ల కన్నా కొంచెం బరువు, లీటరు 1.03 కిలోల దాకా తూగుతాయి. అందుకని ఇక్కడ ప్రశ్నను కొంచెం మార్చుకోవాలి: ఈ ద్రవం నీళ్ల మీద తేలుతుందా? తేలేదైతే కిలోల అంకె లీటర్ల అంకె కన్నా తగ్గాలి. మునిగేదైతే పెరగాలి. నూనె డబ్బా 15 లీటర్లది. కిలోలు 15 కన్నా తక్కువే ఉండాలి. 0.91తో గుణిస్తే 13.65 వస్తుంది; భాగిస్తే 16 దాటుతుంది. మొదటిదే సరైనది. గుణించాక అంకె తగ్గడం ఇక్కడ వింతేమీ కాదు, 0.91 ఒకటి కన్నా చిన్నది కాబట్టి తగ్గింది. దిశ ముందే నిర్ణయించుకున్నవాడికి ఆ తిరకాసు అడ్డు రాదు.

ఈ ఒక్క ప్రశ్న వేసుకోకపోవడం వల్ల ఒక పెద్ద విమానం నడి ఆకాశంలో ఇంధనం అయిపోయి ఆగిపోయిన సంగతి ఉంది.

1983 జులై 23. ఎయిర్ కెనడా వారి 143వ నంబరు విమానం మాంట్రియల్ నుంచి ఒట్టావా మీదుగా ఎడ్మంటన్ వెళ్లాలి. బోయింగ్ 767, అప్పటికి సరికొత్త రకం. కెనడా అప్పుడు మెట్రిక్ కొలతలకు మారుతోంది. ఆ సంస్థ పాత విమానాల్లో ఇంధనాన్ని పౌండ్లలో లెక్కించేవారు, ఈ కొత్త రకంలో కిలోల్లో. ఆ రోజు ఇంధనం ఎంతుందో చూపే మీటరు పనిచెయ్యలేదు. దాంతో రెక్కల కింద ఉండే కొలత కడ్డీలతో ట్యాంకుల్లో ఎంతుందో చూశారు. 7,682 లీటర్లు ఉంది. ప్రయాణానికి కావలసింది 22,300 కిలోలు. ఇంకా ఎన్ని లీటర్లు పోయాలి? అడగాల్సిన లెక్క ఇదే.

లీటరు ఇంధనం బరువు ఎంతో చెప్పే గుణకంగా వాళ్ల దగ్గరున్నది 1.77. అలవాటు ప్రకారం అందరూ వాడే అంకె అదే. దానితో గుణించారు: 7,682 × 1.77 = 13,597. అంటే ట్యాంకులో 13,597 కిలోలు ఉన్నాయనుకున్నారు. కావలసిన 22,300లోంచి తీసేస్తే 8,703. దాన్ని మళ్లీ లీటర్లలోకి మార్చడానికి 1.77తో భాగిస్తే సుమారు 4,917 లీటర్లు. అంత పోసి బయల్దేరారు.

గుణకారం, తీసివేత, భాగహారం మూడూ తప్పుల్లేకుండా చేశారు. తప్పు 1.77లో ఉంది. అది లీటరుకు పౌండ్లు. లీటరుకు కిలోలు కావాలంటే సుమారు 0.8 వాడాలి. 7,682 లీటర్లు 13,597 పౌండ్లు తూగుతాయి, కిలోలు కాదు.

ఇక్కడ తేలే ప్రశ్న వేసి చూడండి. జెట్ ఇంధనం కిరోసిన్ జాతిది, నీళ్ల మీద తేలుతుంది. లీటరు కిలోకు తక్కువే తూగాలి. కాబట్టి 7,682 లీటర్లు 7,682 కిలోల కన్నా తక్కువ ఉండి తీరాలి. జవాబు 13,597 వచ్చింది. కాగితం మీద అంకె పడిన క్షణంలోనే ఎవరికైనా ఎర్రజెండా కనపడాల్సిన చోటు అది. లీటరుకు 1.77 కిలోలు తూగే ద్రవం నీళ్లలో రాయిలా మునుగుతుంది. గుణకం కంఠతా రాని వాళ్లు కూడా ఈ తప్పును పట్టుకోగలరు, లాంతరులో కిరోసిన్ పోసిన అనుభవం చాలు.

సరైన లెక్క ఎలా ఉండాలి? లీటరుకు 0.803 కిలోల చొప్పున, లీటర్ల నుంచి కిలోలకు అంకె తగ్గాలి: 7,682 × 0.803, సుమారు 6,169 కిలోలు. ఇంకా కావలసింది 22,300 − 6,169 = 16,131 కిలోలు. దీన్ని లీటర్లలోకి తేవాలి. ఇప్పుడు అంకె పెరగాలి. 0.803తో గుణిస్తే తగ్గిపోతుంది, కాబట్టి భాగించాలి: 16,131 ÷ 0.803, సుమారు 20,088 లీటర్లు. పోయాల్సింది ఇరవై వేలు, పోసింది అయిదు వేల లోపు. విమానం నేల విడిచేనాటికి అందులో 22,300 ఉన్న మాట నిజమే, కాకపోతే అవి పౌండ్లు. కిలోల్లో పదివేల చిల్లర. అవసరంలో సగానికి తక్కువ.

ఒట్టావాలో ఆగినప్పుడు మళ్లీ కొలిచి చూశారు. మళ్లీ అదే 1.77తో గుణించారు, లెక్క సరిపోయింది. తప్పుడు గుణకంతో చేసిన లెక్కను అదే గుణకంతో సరిచూస్తే ఎన్నిసార్లైనా సరిపోతుంది. సరిచూడటం అంటే వేరే దారిలో వచ్చి చూడటం, అదే దారిలో రెండోసారి నడవడం కాదు.

41,000 అడుగుల ఎత్తులో ఉండగా ఇంధన పీడనం పడిపోతోందని హెచ్చరికలు మోగాయి. దగ్గరలోని విన్నిపెగ్ వైపు తిప్పారు. దారిలోనే ఒక ఇంజను, ఆ వెంటనే రెండోది ఆగిపోయాయి. విమానంలో 61 మంది ప్రయాణికులు, 8 మంది సిబ్బంది. కెప్టెన్ బాబ్ పియర్సన్‌కు ఇంజను లేని గ్లైడర్లు నడిపిన అనుభవం ఉంది. సహ పైలట్ మారిస్ క్వింటాల్ ఒకప్పుడు వైమానిక దళంలో గిమ్లీ స్థావరంలో పనిచేసినవాడు. విన్నిపెగ్ దాకా చేరలేమని తేలాక ఇద్దరూ ఆ పాత రన్‌వే వైపు విమానాన్ని జార్చుకుంటూ తెచ్చారు. అది అప్పటికే కారు పందేల బాటగా మారింది, ఆ రోజు అక్కడ జనం కూడా ఉన్నారు. ముందు చక్రం సరిగా దిగకపోయినా విమానం ఆగింది. ఎవరి ప్రాణమూ పోలేదు, దిగే హడావిడిలో కొందరికి చిన్న దెబ్బలు తగిలాయి. ఆ విమానానికి గిమ్లీ గ్లైడర్ అన్న పేరు స్థిరపడిపోయింది.

ఈ కథ విన్నవాళ్లు పైలట్ల నేర్పును మెచ్చుకుని వదిలేస్తారు. లెక్కల మాస్టర్లు మాత్రం మొదటి గుణకారం దగ్గరే ఆగి పిల్లలకు చూపించాలి. కొలత పేరు రాయకుండా ఉత్త అంకె రాయడమే అక్కడి అసలు రోగం. కాగితం మీద 1.77 పక్కన 'పౌండ్లు / లీటరు' అని రాసి ఉంటే, 7,682 లీటర్లతో గుణించినప్పుడు పైన కింద లీటర్లు కొట్టేసుకుపోయి పౌండ్లు మిగిలేవి. కిలోలు కావాల్సిన చోట పౌండ్లు మిగిలాయని కంటికి కనపడేది. పెరగాలా తగ్గాలా అన్నది నోటి లెక్క. ప్రతి అంకె పక్కన కొలత రాసి కొట్టేసుకుంటూ పోవడం రాత లెక్క. ప్రమాదం ఉన్న చోట రెండూ కావాలి.

దిశ సరిగా ఉన్నా పరిమాణం తప్పే చోటు ఇంకొకటుంది. అది ఘనపు కొలత. మన నీటి వార్తలన్నీ దీనితోనే నడుస్తాయి. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. దీన్ని ఘనపు మీటర్లలోకి మార్చాలి. మీటరు పెద్దది, అంకె తగ్గాలి. మీటరుకు 3.28 అడుగులు. వంద కోట్లను 3.28తో భాగించి 30.5 కోట్లు అని రాస్తే దిశ తప్పలేదు, అంకె తగ్గింది, అయినా జవాబు పదింతలకు పైగా తప్పు. ఘనపు మీటరు పొడవులోనే కాదు, వెడల్పులో, లోతులో కూడా 3.28 అడుగులుంటుంది. అందుకని మూడుసార్లు భాగించాలి: 3.28 × 3.28 × 3.28 అంటే దాదాపు 35.3. వంద కోట్లు ÷ 35.3 = 2.83 కోట్ల ఘనపు మీటర్లు. ఇదీ అసలు టీఎంసీ.

లీటర్లలో కావాలంటే? ఘనపుటడుగు 30 సెంటీమీటర్ల పైచిలుకు పెట్టె. లీటరు 10 సెంటీమీటర్ల పెట్టె. పొడవుకు మూడు, వెడల్పుకు మూడు, ఎత్తుకు మూడు, అంటే నోటి లెక్కలోనే 27 లీటర్లకు తక్కువ కాదని తెలుస్తుంది. కచ్చితమైన అంకె 28.3. లీటరు చిన్నది, అంకె పెరగాలి: టీఎంసీకి సుమారు 2,832 కోట్ల లీటర్లు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లన్నది మన ప్రభుత్వ ప్రమాణం. ఆ చొప్పున ఒక మనిషికి ఏడాదికి 49,275 లీటర్లు. ఒక టీఎంసీ నీళ్లు, దారిలో ఏమీ పోకపోతే, అయిదు లక్షల డెబ్భై వేల మందికి ఏడాది పొడుగునా సరిపోతాయి.

చేతికి పని చెప్పాలనుకునేవాళ్లకు కొన్ని లెక్కలు. ప్రతిదానికీ ముందు పెరగాలా తగ్గాలా అన్నది కాగితం అంచున ఒక బాణం గుర్తుతో రాసుకుని, ఆ తర్వాతే లెక్క చెయ్యడం మంచి పద్ధతి.

అయిదున్నర మీటర్ల చీర ఎన్ని సెంటీమీటర్లు? బాణం పైకి, 550. రేషన్ బియ్యం 0.6 క్వింటాళ్లయితే ఎన్ని కిలోలు? క్వింటాలుకు వంద, బాణం పైకి, 60. రెండు వేల మిల్లీలీటర్ల సీసా ఎన్ని లీటర్లు? బాణం కిందికి, 2. ఏడడుగుల తలుపు ఎన్ని సెంటీమీటర్లు? అడుగుకు 30.48, బాణం పైకి, 213. అమెరికాలో పది గ్యాలన్ల పెట్రోలు ఎన్ని లీటర్లు? అక్కడి గ్యాలన్ 3.785 లీటర్లు, బాణం పైకి, దాదాపు 38. పాత బ్రిటిష్ గ్యాలన్ 4.546 లీటర్లు గనుక ఏ గ్యాలనో అడిగి తెలుసుకోవాలి. బాణానికి ఆ తేడా తెలియదు.

ఇంటి సంపు 6 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు. మొత్తం 120 ఘనపుటడుగులు. లీటర్లకు బాణం పైకి, 28.3తో గుణిస్తే సుమారు 3,400 లీటర్లు.

చివరిది కాస్త ఆలోచించాల్సినది. వంద చదరపు మీటర్ల డాబా మీద 20 మిల్లీమీటర్ల వాన పడింది. నీళ్లు ఎన్ని లీటర్లు? మిల్లీమీటర్లను ముందు మీటర్లలోకి తేవాలి: బాణం కిందికి, 0.02. వందతో గుణిస్తే 2 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు వెయ్యి లీటర్లు, బాణం పైకి, 2,000 లీటర్లు. రెండు బాణాలూ కలిసి చివరికి ఒక సులువు సూత్రాన్ని ఇస్తాయి: చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా లీటరు. డాబా పీల్చుకునేదీ, తొలి మురికినీటితో వదిలేసేదీ పోను, ఆ సంపు సగం వరకూ నిండుతుంది.